అమ్మమ్మ పెట్టెలోని పాత మార్కులు ఇంకా చెల్లుతాయా?

ప్రశ్న: అమ్మమ్మ ట్రంకు పెట్టెలో పాత విదేశీ డబ్బు దొరికింది. జర్మన్ మార్కుల నోట్లు 100, 50, 20, 10 ఒక్కోటి, 5 మార్కుల నాణేలు నాలుగు, 1923 నాటి లక్ష మార్కుల నోటు, 100 గిల్డర్ల నోటు, కొన్ని ఫ్రాంకులు, పెసెటాలు. డబ్బు మార్చే కౌంటర్‌లో ఇవేవీ తీసుకోబోమన్నారు. ఇక వీటికి విలువ లేనట్టేనా?

జవాబు: కౌంటర్‌ వాళ్లు తీసుకునేది ఈరోజు చలామణిలో ఉన్న డబ్బునే, కాబట్టి వాళ్లు కాదన్నంత మాత్రాన విలువ పోయినట్టు కాదు. పాత డబ్బు సంగతి తేల్చేది దాన్ని జారీ చేసిన దేశపు కేంద్ర బ్యాంకు. మార్చుకోవడానికి గడువు పెట్టిందా లేదా, పెడితే అది దాటిందా అన్నదే అసలు ప్రశ్న.

మీ పెట్టెలో ముందుగా చూడాల్సినవి మార్కులు. 1948 నుంచి వచ్చిన డాయిచె మార్కు నోట్లనూ నాణేలనూ జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ గడువు లేకుండా, రుసుము తీసుకోకుండా మారుస్తుంది. 1.95583 మార్కులకు ఒక యూరో అన్న రేటు ఎప్పటికీ మారదు. మీ నోట్లు 180, నాణేలు 20, మొత్తం 200 మార్కులు. అంటే 102.26 యూరోలు.

అయితే నోటు మీద మార్కు అన్న మాట చూసి ఆగకండి, జారీ చేసిన బ్యాంకు పేరు చూడండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ‘డాయిచె బుండెస్‌బ్యాంక్’ అనిగానీ, అంతకుముందున్న ‘బ్యాంక్ డాయిచర్ లెండర్’ అనిగానీ ఉంటే మారుతుంది. ‘డాయిచె నోటెన్‌బ్యాంక్’ అని ఉంటే అది తూర్పు జర్మనీది. దాని తొలి నోట్ల మీద కూడా డాయిచె మార్కు అనే ఉంటుంది, కానీ వాటిని ఇప్పుడు ఎవరూ మార్చరు. మీ లక్ష మార్కుల నోటు అప్పటి జర్మనీ కేంద్ర బ్యాంకు రైక్స్‌బ్యాంక్‌ది, ధరలు అదుపు తప్పిన కాలం నాటిది. ఆ ఏడాది చివర్లో లక్ష కోట్ల కాగితపు మార్కులు ఒక్క కొత్త రెంటెన్‌మార్కుతో సమానమయ్యాయి. ఆ నోటుకు ఇక సేకరించేవాళ్లు ఇచ్చే ధరే. అప్పట్లో కుప్పలుగా అచ్చేశారు కాబట్టి పెద్దగా ఆశించకండి.

5 మార్కుల నాణేలను మాత్రం తొందరపడి పంపకండి. ముందు వాటి మీది సంవత్సరం చూడండి. 1974 వరకు వచ్చిన డేగ బొమ్మ నాణెం బరువు 11.2 గ్రాములు, అందులో 62.5 శాతం వెండి, అంటే సరిగ్గా 7 గ్రాముల శుద్ధ వెండి. 1975 నుంచి వచ్చినదాంట్లో వెండి లేదు, బరువు 10 గ్రాములు. సంవత్సరం అరిగిపోయినా చిన్న త్రాసు మీద పెడితే తేడా తెలిసిపోతుంది. బ్యాంకు రెండింటికీ ఒకటే ఇస్తుంది, 2.56 యూరోలు. కాబట్టి ఆరోజు వెండి ధరను 7తో గుణించి చూడండి. గ్రాము 37 యూరో సెంట్లు దాటితే వెండి నాణేన్ని బ్యాంకుకు ఇవ్వడం నష్టమే. మీ నాలుగింటిలో రెండు వెండివైతే వాటిని పక్కన పెట్టండి. మిగిలిన 190 మార్కులకు 97.15 యూరోలు వస్తాయి. 1958 అని ఉండి, జె అన్న టంకశాల అక్షరం కనిపిస్తే దాన్ని నాణేల నిపుణుడికి చూపించాలి. హాంబర్గ్‌లో ఆ ఏడాది అవి 60,000 మాత్రమే కొట్టారు. ఏ నాణేన్నీ చింతపండుతోగానీ పాలిష్‌తోగానీ తోమకండి. పైపొర గీసుకుపోతే సేకరించేవాళ్లు చూడగానే పట్టేస్తారు, ధర పడిపోతుంది.

మార్చుకోవడానికి జర్మనీ వెళ్లక్కర్లేదు. బుండెస్‌బ్యాంక్ వెబ్‌సైట్‌లో డాయిచె మార్కు మార్పిడి ఫారం ఉంటుంది. దాన్ని నింపి సంతకం చేసి, డబ్బుతో కలిపి మైన్జ్ శాఖకు పోస్టులో పంపితే యూరోలు మీ బ్యాంకు ఖాతాకు వస్తాయి. దారిలో పోతే ఆ నష్టం పంపినవాళ్లదే. మామూలు ఉత్తరంలో డబ్బు పెట్టడం అంతర్జాతీయ తపాలా నిబంధనలకు విరుద్ధం, అందుకే బీమా చేసిన కవరు ఏది ఒప్పుకుంటారో మీ పోస్టాఫీసులో ముందే అడగండి. ప్రతి నోటు నంబరూ రాసుకుని, రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకోండి. చిరిగిన నోటైతే సగానికి మించి మిగిలి ఉండాలి. ముక్కలకు టేపు అంటించకుండా అలాగే పంపండి. యూరో ప్రాంతం బయటి ఖాతాకైతే మధ్యలో బ్యాంకులు ఛార్జీలు కోస్తాయి. 97 యూరోల్లోంచి ఆ ఛార్జీ, పోస్టు, బీమా తీసేస్తే ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోండి. జర్మనీ వెళ్లేవాళ్లు తెలిసినవాళ్లలో ఉంటే, శాఖ కౌంటర్‌లో వాళ్ల చేత మార్పించుకోవడమే లాభం.

గిల్డర్ల నోటుకు గడువు ఉంది. యూరో వచ్చేనాటికి చెల్లుతున్న నోట్లను నెదర్లాండ్స్ కేంద్ర బ్యాంకు 2032 జనవరి 1 వరకు తీసుకుంటుంది, వందకు 45.38 యూరోలు. గిల్డర్ నాణేల గడువు 2007లోనే ముగిసింది. ఫ్రాంకులు ఫ్రాన్స్‌వైతే 2012 ఫిబ్రవరి 17తో, స్పెయిన్ పెసెటాలు 2021 జూన్ 30తో గడువు దాటిపోయాయి. కానీ ఆ ఫ్రాంకుల మీద ఏ దేశం పేరుందో మరోసారి చూడండి. బెల్జియం నోట్లకు ఇప్పటికీ గడువు లేదు. స్విట్జర్లాండ్‌వైతే 1976లో మొదలైన ఆరో శ్రేణి నుంచి వచ్చిన నోట్లన్నిటినీ ఆ దేశ జాతీయ బ్యాంకు ఇప్పటికీ పూర్తి విలువకు తీసుకుంటుంది.