తిండి గడి దగ్గర ఆగిపోయిన ఆట

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు తయారుచేసి పంపిన బోర్డు ఆటను నలుగురం కూర్చుని రెండుసార్లు ఆడాం. మొదటి ఆట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరం రూల్స్ నేర్చుకుంటున్నాం. రెండో ఆట ఐదో రౌండ్‌లో మాత్రం ఒకటి జరిగింది.

ఎరుపు పావులు ఆడుతున్న ఆవిడ దగ్గర తిండి బిళ్ళలు ఒక్కటీ లేవు. రౌండ్ చివర ముగ్గురు పనివాళ్లకి మూడు కావాలి. బోర్డు మీద తిండి దొరికే గడి ఒక్కటే, అందులో ఒక్క పావుకే చోటు. నీలం పావులాయన దగ్గర అప్పటికే ఏడు బిళ్ళలున్నాయి. అయినా వెళ్లి అక్కడే పావు పెట్టాడు. ఆయనకు వచ్చిన మూడు బిళ్ళల విలువ లెక్కేస్తే ఒక పాయింటు. ఆవిడకు పోయినవి ఆరు, పస్తున్న ఒక్కో పనివాడికి రెండు పాయింట్ల కోత అని నువ్వే రాశావు కదా. ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా బోర్డు వైపు సరిగ్గా చూడకుండానే పావులు పెట్టింది.

గడులు పెంచనా అని అడిగావు. తొందరపడకు. గడి మూసుకుపోవడంలో తప్పేమీ లేదు, గడిలో పావు పెట్టి సరుకు తీసుకునే ఈ రకం ఆటలు ఆడేదే ఆ టెన్షన్ కోసం. మూసినవాడు అక్కడికి దేనికొచ్చాడన్నదే అసలు సంగతి. తనకు అవసరమై వస్తే, గడి పోగొట్టుకున్నవాడు “ఛ, ఒక్క వంతు ముందే వెళ్లాల్సింది” అని తనను తానే తిట్టుకుంటాడు. ఎదుటివాడికి దక్కకూడదనే వచ్చాడని తెలిస్తే ఆ మనిషిని తిట్టుకుంటాడు.

కోత తగ్గించాలని కూడా నీకు అనిపించవచ్చు. 2007లో వచ్చిన ‘అగ్రికోలా’ అనే బోర్డు ఆట చూడు. అందులో తక్కువైన ఒక్కో తిండి బిళ్ళకీ మూడు పాయింట్లు పోతాయి. నీ రూల్ కన్నా అది కఠినం. అయినా ఒక దారి మూసుకుపోతే చేపలు పట్టొచ్చు, కూలికి వెళ్లొచ్చు, రొట్టె కాల్చుకోవచ్చు, పశువుల్ని వండుకోవచ్చు. పైగా కలప లాంటి గడుల్లో ఎవరూ తీసుకోని సరుకు రౌండ్ రౌండుకీ పేరుకుంటుంది. మూడు ఆరవుతుంది, ఆరు తొమ్మిదవుతుంది. అప్పుడు అక్కడికి ఎవరు పరుగెత్తినా అది ఆశ కొద్దీ వెళ్లడమే, నా మీద కక్షతో వెళ్లాడని ఎవరూ అనుకోరు.

కాబట్టి నీ ఆటలో కోతను అలాగే ఉంచి, రెండో దారి ఒకటి తెరువు. ఎన్ని పావులైనా పట్టే గడి ఒకటి పెట్టు. అక్కడ ఒక కలప ఇస్తే రెండు తిండి బిళ్ళలు వస్తాయి. ఇప్పుడు ఐదో రౌండ్ మళ్లీ ఆడి చూడు. నీలం దారి మూసినా ఆవిడ కలప ఇచ్చి ఇద్దరికి తిండి పెడుతుంది, మూడోవాడు పస్తు. కలప విలువ ఒక పాయింటు అనుకుంటే నష్టం ఆరు నుంచి మూడుకు దిగింది. ఒక పాయింటు కోసం, అవతల మూడు పోగొట్టడానికి తన వంతు ఖర్చు పెట్టాలా అని నీలం ఈసారి కాస్త ఆలోచిస్తాడు. అయితే రెండో దారి మొదటిదంత బాగుంటే ఇక తొందర దేనికి? రెండో దారిని మొదటిదాని విలువలో సగం నుంచి మూడింట రెండు వంతుల దగ్గర మొదలుపెట్టడం నా అలవాటు.

ఇందులో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. నిండిన గడిలోకైనా ఒక నాణెం కట్టి దూరొచ్చని రూల్ పెట్టాను. నాణేలు అందరి దగ్గరా దండిగా ఉండేవి. ఎవరూ ఎవరి పావునూ పట్టించుకోలేదు. నలుగురూ నాలుగు మూలల్లో ఒంటరిగా లెక్కలు చేసుకున్నట్టుంది! 2013 నాటి ‘విటికల్చర్’లో నిండిన చోటికి కూడా వెళ్లగల పెద్ద పావు ఒక్కొక్కరికి ఒక్కటే ఉంటుంది. అందుకే దాన్ని ఎప్పుడు వాడాలా అని చివరిదాకా తటపటాయిస్తారు.

ఇద్దరి ఆటను మాత్రం విడిగా పరీక్షించు. నలుగురున్నప్పుడు నీలం చేసిన పని వల్ల మిగతా ఇద్దరూ ఊరికే లాభపడ్డారు, కాబట్టి అది ఆయనకూ మంచి ఎత్తు కాదు. ఇద్దరే ఉంటే ఆవిడ పోగొట్టుకున్నదంతా ఆయన లాభమే. ఒకటీ ఆరూ కలిపి ఏడు పాయింట్ల తేడా, అలాంటి ఎత్తు వదులుకుంటే తెలివితక్కువ. ఆట మంచిగా ఆడాలంటే అడ్డుపడక తప్పదన్న పరిస్థితి తెచ్చినప్పుడు తప్పు ఆడేవాడిది కాదు, మనది.

ఇంకో పని చెయ్యి. ఆడేవాళ్లని “ఎందుకు మూశావ్” అని అడగకు, అడిగితే మొహమాటపడి ఆట మార్చేస్తారు. పక్కన కూర్చుని కాగితం మీద రాసుకో: ఏ గడి నుంచి ఎవరు ఏం తీసుకున్నారు, దాన్ని రెండు రౌండ్లలోపు వాడారా లేదా. వాడని సరుకంతా కక్షే అనలేం, కొంత పొరపాటు లెక్క కూడా ఉంటుంది. కానీ ఒకే గడి పక్కన అలాంటి గుర్తులు మళ్లీ మళ్లీ పడుతుంటే ముందు దాన్ని సరిచెయ్యి.

ఆ కాగితాలు నాకూ పంపు. తిండి గడి మార్చాక ఇంకోసారి ఆడతానని ఎరుపు పావుల ఆవిడ అంది.

మీ అన్నయ్య