పొద్దున 95, మధ్యాహ్నం 103: ఒంటెకు జ్వరమా?

ప్రశ్న: పిల్లల సవారీ కోసం ఒంటెను కొన్నాను. మూపురంలో నీళ్లుంటాయని అమ్మినవాళ్లు చెబితే మూడు రోజులకోసారి తాపిస్తున్నాను. థర్మామీటర్ పెడితే తెల్లవారుజామున 95, మధ్యాహ్నం 103 చూపిస్తోంది. జ్వరమా సార్? – ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: మేత తింటూ, నెమరు వేస్తూ ఉంటే అది జ్వరం కాదు. నీళ్లు చాలడం లేదని మీ ఒంటె థర్మామీటర్‌లో చెబుతోంది.

మూపురంలో ఉండేది కొవ్వు. అది కరిగితే కొంత నీరు పుడుతుంది, నిజమే. కానీ కొవ్వు కరగడానికి ప్రాణవాయువు కావాలి, దాని కోసం ఎక్కువగా ఊపిరి తీస్తే ఆవిరిగా పోయే నీరూ తక్కువేం కాదు. కాబట్టి ఆ లెక్క మరిచిపోండి.

అసలు పొదుపు ఒంటి వేడిలో ఉంది. ఆవుకు 102 దాటితే రొప్పడం, చెమటతో చల్లబడటం మొదలవుతాయి. నీళ్లు దొరకని ఒంటె మాత్రం పగలంతా ఒళ్లు వేడెక్కనిస్తుంది, 105 దాకా కూడా. రాత్రి చల్లగాలికి ఆ వేడిని వదిలేసి, తెల్లారేసరికి 93–95కు దిగుతుంది. పగలు కాగి, రాత్రి చల్లారే కొండరాయి లాగా అనుకోండి. మీ ఒంటె 500 కిలోలుంటే, ఆ 8 డిగ్రీల తేడాలో దాచుకున్న వేడిని చెమటతో పోగొట్టుకోవడానికి సుమారు 3 లీటర్ల నీరు కావాలి. అంత మిగిలినట్టే. పైగా ఒళ్లు వేడిగా ఉంటే బయటి గాలి నుంచి ఒంట్లోకి ఎక్కే వేడి కూడా తగ్గుతుంది.

రోజూ కడుపునిండా తాగే ఒంటెలో ఈ తేడా 4 డిగ్రీల లోపే ఉంటుంది. మీది 8 ఉందంటే, దాహంతో పొదుపు చేస్తోందన్నమాట. ఎండాకాలంలో, పైగా సవారీ పని చేసేదానికి, రోజుకు 30–40 లీటర్లు ముందుంచండి. ఒకేసారి గటగటా తాగేసినా టెన్షన్ వద్దు. దాహంతో ఉన్న ఒంటె పది నిమిషాల్లో 100 లీటర్ల దాకా తాగగలదు, దాని రక్తకణాలు ఉబ్బినా పగలవు. ఆవుదూడలకు మాత్రం ఈ పని చేయకండి. దాహంతో ఉన్న దూడ ఒక్కసారిగా తాగేస్తే ఎర్రటి మూత్రం పోస్తుంది.

ఇంకో మాట. ఎడారిలో రాత్రి బాగా చల్లబడుతుంది, మన దగ్గర మే నెల రాత్రులు ఉక్కపోతే. రేకుల షెడ్డులో కట్టేస్తే పగటి వేడి దిగే దారే ఉండదు. రాత్రి ఆరుబయట కట్టండి, సవారీ పొద్దున, సాయంత్రమే పెట్టుకోండి. ఒంటిమీద బొచ్చు కత్తిరించకండి, అది ఎండను ఆపుతుంది. కత్తిరిస్తే చెమట పెరుగుతుంది.

వారం పాటు రోజూ నీళ్లు తాపి, తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండుపూటలా కొలిచి రాసుకోండి. తేడా తగ్గాలి. తెల్లవారుజామున కూడా 102 పైన ఉండి, మేత మానేసి, చిక్కిపోతుంటే అది వేరే సంగతి. జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బులో జ్వరం వచ్చి పోతుంటుంది కాబట్టి, జ్వరం ఉన్న రోజే పశువుల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి.

– పశువైద్య శాస్త్రవేత్త, తిరుపతి