ఐరన్ సిరప్‌తో తగ్గని రక్తహీనత: సీసం పరీక్ష చేయించండి

“మావారు విజయవాడ ఆటోనగర్‌లో పాత బ్యాటరీలు విప్పే పని చేస్తారు. మూడేళ్ల బాబుకు మూడు నెలలుగా ఐరన్ సిరప్ పోస్తున్నా హిమోగ్లోబిన్ 8.8 దగ్గరే ఉంది. ఫెరిటిన్ బాగానే ఉందట. ఇంకేం చూడాలి?”

అమ్మా, ఫెరిటిన్ ఒంట్లోని ఇనుము నిల్వను చూపుతుంది. ఇనుము ఉండి కూడా రక్తం పట్టడం లేదంటే, పాత బ్యాటరీల్లో సీసం ఉంటుంది కనుక, మీవారి పనిని బట్టి నేను ముందుగా సీసాన్నే అనుమానిస్తాను. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్ తయారీలో చివరి మెట్టున ఫెర్రోకెలటేజ్ అనే ఎంజైమ్ ప్రోటోపార్ఫిరిన్ అనే అణువులో ఇనుమును అమర్చాలి. సీసం దాన్ని అడ్డుకోవడంతో ఇనుము వాడకానికి రాక, ఆ చోట జింకు చేరుతుంది. అందువల్ల సిరప్ మోతాదు పెంచినా ఫలితం ఉండదు.

సీసం పరీక్షకు రక్తాన్ని సిర నుంచే తీయించండి; వేలు గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి అంకె పెరగవచ్చు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉన్నా మూలం వెతకాలి, 45 ఉంటే సీసాన్ని బయటకు పంపే మందులు అవసరమవుతాయి. అంకె చాలా తక్కువగా వస్తే ఇంత రక్తహీనతకు సీసం కారణం కాకపోవచ్చు. అప్పుడు తలసీమియా వాహకత్వం కోసం హిమోగ్లోబిన్ ఏ2 చూడాలి.

ఈలోగా మీవారు పని దగ్గరే స్నానం చేసి, బట్టలూ చెప్పులూ మార్చుకుని రావాలి; ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఇంటిని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది కనుక తడిగుడ్డతో తుడవండి.