ఏటి ఒడ్డు ఊర్లో సచివాలయం ఉద్యోగంలో చేరిన మా అల్లుడికి

అల్లుడూ, మీ అమ్మ ఫోన్ చేసి నీకు పోస్టింగ్ ఏటి ఒడ్డు ఊర్లో ఇచ్చినారని చెప్పింది. ముప్పై ఏండ్లు లస్కర్‌గా చెరువుల మీద, కాలవల మీద తిరిగినోన్ని కదా, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తాండా. నవంబర్ రాకముందే చదువుకో.

తుఫాన్ అంటే మన కడప జనాలకి గాలీ, సముద్రమూ గుర్తొస్తాయి, మనకేంలే అది నెల్లూరోళ్ల బాధ అనుకుంటారు, తప్పంతా ఆడే ఉండాది. తుఫాన్ గానీ వాయుగుండం గానీ చెన్నై, నెల్లూరు పక్క తీరం దాటితే దాని తేమంతా మన శేషాచలం, పాలకొండల మీద పడతాది, ఆ కొండలు నిటారుగా ఉంటాయి కాబట్టి నీళ్లు నిలవవు, గంటల్లోనే వంకల్లోకి, ఏట్లోకి దిగుతాయి. మనకి తుఫాన్ గాలిగా రాదు, ఏరుగా వస్తాది, అదీ ఊర్లో వాన తగ్గినాక కూడా వస్తాది. నీ ఊర్లో తుంపర పడతాంటే జనం నిమ్మళంగా పడుకోనుంటారు, పైన కొండల్లో కుండపోత పోసుంటాది.

2021 నవంబర్ 19 యాదుందా? కార్తీక పౌర్ణమి. వాయుగుండం చెన్నై పక్కన తీరం దాటిన రాత్రే పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట ఎట్లయినాయో నువ్వూ చూసినావు. బాహుదా, పింఛా కలిస్తేనే చెయ్యేరు, ఆ రెండింటి నీళ్లూ ఒక్కసారే వచ్చినాయి.

ఇప్పుడు లెక్క చెప్తా, ఇది బాగా పట్టుకో. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. లక్ష క్యూసెక్కులు వస్తాంటే ఒక టీఎంసీ నిండను పదివేల సెకన్లు, అంటే రెండు గంటల 47 నిమిషాలు. కట్ట తెగకముందు అన్నమయ్య ప్రాజెక్టు పూర్తిగా పట్టింది సుమారు 2.24 టీఎంసీలు. ఖాళీగా ఉన్నా సరే లక్ష క్యూసెక్కులకి ఆరు గంటల పైన కొంచెంలో నిండిపోయేది. ఆ రోజు వచ్చిన వరద మూడు లక్షలు దాటిందన్నారు, అప్పుడు అంతా కలిపి రెండు గంటలే, అదీ ముందే నిండుంటే ఆ రెండు గంటలూ లేవు. పైన డ్యాముంది కదా ఆపుతాదిలే అని ఊర్లో ఎవరన్నా అంటే ఈ లెక్క వేసి చూపించు. చిన్న ప్రాజెక్టు పెద్ద వరదని ఆపదు, కొంచెంసేపు ఆలస్యం చేస్తాది అంతే, మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లినాయంటే కట్ట కోసుకోని పోతాది.

వాతావరణ శాఖోళ్లు ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని చెప్తారు. తుఫానుకైతే రెండ్రోజుల ముందు ఒక హెచ్చరిక, ఒక రోజు ముందు ఇంకోటి వస్తాది. రోజుకి 204.5 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటారు. కానీ అది జిల్లా మొత్తానికి చెప్పేది, నీ వంకకి చెప్పేది కాదు. ఫోన్లో సచేత్ యాప్ పెట్టుకో, విపత్తు నిర్వహణ సంస్థోళ్ల మెసేజ్‌లూ చూడు, కానీ రెడ్ అన్నప్పుడు నీ చూపు ఫోన్లో కాదు పై ఊరి మీద ఉండాల. పైన ఏ చెరువు మరవ పారతాంది, ఏ గేట్లు ఎత్తినారు, ఎంత వదుల్తాండారు, ఇది గంట గంటకి తెలియాల. దానికి పై ఊర్ల సచివాలయంలో ఒకరు, లస్కర్ ఒకరు, ఏటి పక్క టీకొట్టాయన ఒకరు, ముగ్గురి నంబర్లు పేపర్ మీద రాసుకో. ఫోన్లో మాత్రమే ఉంటే ఫోన్ చచ్చిపోతే నంబర్లూ పోతాయి.

నీళ్లు పై నుంచి నీ ఊరికి ఎంతసేపట్లో వస్తాయో ఎవరూ రాసి పెట్టలేదు, నువ్వే కనుక్కోవాల. మామూలుగా కొంచెం నీళ్లు వదిలినప్పుడు పైవాళ్లకి ఫోన్ చేసి టైం రాసుకో, నీ బ్రిడ్జి కింద నీళ్లు లేచిన టైం రాసుకో. రెండు మూడు సార్లు చేస్తే ఒక అంచనా వస్తాది. కానీ జాగ్రత్త, పెద్ద వరద చిన్న దానికన్నా తొందరగా వస్తాది, కట్ట తెగితే ఇంకా తొందరగా. అంచనా నాలుగు గంటలొస్తే రెండే అనుకో.

ఇంగ రెండో పక్క లెక్క, ఊరు ఖాళీ చేయను ఎంతసేపు పడతాది. పల్లపు పక్క 140 ఇండ్లున్నాయి అనుకో. పదిమంది తలుపులు తడితే ఒక్కొక్కరికి 14 ఇండ్లు, ఇంటికి మూడు నిమిషాలంటే 42 నిమిషాలు. ముసలోళ్లు, బిడ్డలతో కిలోమీటరు దూరం ఉన్న స్కూలుకి నడవను ఇంకో 40. గొడ్లు, గొర్లు ఉంటే ఇంకో అరగంట. దాదాపు రెండు గంటలయింది, అది పగలు. రాత్రి, వానలో, కరెంటు పోతే రెట్టింపు పెట్టుకో. రాత్రికి నాలుగు గంటలు కావాల, నీళ్లకి రెండు గంటలే ఉండాది అంటే రాత్రి ఖాళీ చేయించే పని అయ్యేది కాదు, పొద్దు గుంకకముందే నిర్ణయం తీసుకోవాల. రెడ్ ఉండాది, పైన మరవ పారతాంది, ఈ రెండూ సాయంత్రం నాలుగింటికి నిజమైతే పల్లపు ఇండ్లోళ్లని ఆ పొద్దే స్కూల్లో పడుకోబెట్టు. ఈ రూల్ వానలు రాకముందే గ్రామసభలో అందరిచేతా ఒప్పించుకో, ఆ రాత్రి నువ్వొక్కనివే తేల్చుకోవాలంటే కాళ్లు చేతులు ఆడవు.

నేను పని చేసేటప్పుడు ఒకసారి అట్లే అయింది. హెచ్చరిక మెసేజ్ ఒక ఆఫీసుకి చీకటి పడినాక వచ్చింది, తాళం వేసుండారు, పొద్దున తీసి చదివేలోపల మా వంక పక్క కొట్టాలు కొట్టుకోనిపోయినాయి. గొర్లతో పడుకున్న ఒక ముసలాయన పోయినాడు, ఆయన పేరు ఇప్పుడు కూడా నిద్రలో వస్తాది నాకు. మెసేజ్ రావడం వేరు, మనిషి చెవిన పడటం వేరు అల్లుడూ. అందుకే గుడి మైకు, మసీదు మైకు రెండూ బ్యాటరీకి పెట్టించు, అవి పలకకపోతే తప్పెట ఉండాల, తలుపు తట్టే మనిషికి తన 14 ఇండ్లు ఏవో ముందే తెలియాల. చెవుడు ఉన్నోళ్లు, నెలలు నిండిన ఆడబిడ్డలు, మంచం దిగలేనోళ్లు ఏ ఇంట్లో ఉండారో లిస్టు రాసుకో, వాళ్ల దగ్గరికి ముందు పో. గొడ్లని తీసుకపోను టైం లేకపోతే పలుపులు కోసి వదిలేయమను, కట్టేసినవే ముందు మునుగుతాయి.

నాలుగు సార్లు ఖాళీ చేయిస్తే మూడు సార్లు నీళ్లు రావు, జనం తిడతారు. తిట్టనీ. స్కూల్లో వేడి అన్నం, దుప్పట్లు, ఆడోళ్లకి వేరే గది, లైటు ఉంటే నాలుగోసారి పిలిస్తే వస్తారు, చలిలో ఆకలితో కూర్చోబెట్టినావంటే ఇంగ రారు.

నీళ్లు తీసినాక ఇసుక మేటలు, చచ్చిన గొడ్లు, బురద బావి, అన్నీ ఒక్కసారే మీదపడతాయి. గొడ్లని తాగునీళ్లకి దూరంగా పూడిపించు, బావిలో బ్లీచింగ్ వేయించు, నీళ్లు కాంచి తాగమను. పంట, ఇల్లు పోయినోళ్ల ఫోటోలు బురద ఎత్తకముందే తీయించు, లేకపోతే పరిహారం రాసేటప్పుడు గొడవ. ఇంకో పని, ఆ వారంలోనే చేయాల, నీళ్లు యాడిదాకా వచ్చినాయో గోడల మీద పెయింట్‌తో గీత గీసి తేదీ వేయించు. ఆ గీత కింద మల్ల ఇండ్ల పట్టాలు ఇయ్యకూడదని అప్పుడే పంచాయతీలో రాయించు, ఏడాదైతే ఎవరికీ గుర్తుండదు.

వచ్చే ఆదివారం నేనే వస్తా, ఒక డబ్బా ఎర్ర పెయింట్ తెచ్చిపెట్టు. బ్రిడ్జి స్తంభం మీద అడుగడుక్కి గీతలు వేసి, యాడ దాటితే గొడ్లు కదల్చాలో, యాడ దాటితే మనుషులు కదలాలో, ముసలోళ్లని అడిగి రాసేస్తాం. 112, 1070 అత్యవసర నంబర్లు కూడా ఆ స్తంభం మీదే రాయిద్దాం.

మీ మామ