టెక్ సందేహాలు: రష్యన్ అక్షరాలను తెలుగు చెవితో చదవడం

ప్రశ్న: ఎంబీబీఎస్ చదవడానికి బిష్కెక్ వెళ్తున్నానండీ. అక్కడి బోర్డులు, ట్యాక్సీ యాప్‌లు రష్యన్ లిపిలో ఉంటాయట. ఒక్క మధ్యాహ్నంలో ఆ అక్షరాలు చదవడం వస్తుందా? ఫోన్ కెమెరాతో అనువదించుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చదవడం వస్తుంది, అర్థం కావడం వేరే సంగతి. అర్థానికి కెమెరా అనువాదం పనికొస్తుంది (రష్యన్ భాషా ఫైలును ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది). అయితే దిగవలసిన స్టాపు పేరు డ్రైవరుకు చెప్పాలంటే అక్షరం మీ నోటికి రావాలి.

రష్యన్ అక్షరాలు 33. వాటిలో А, К, М, О ఇంగ్లిషులో లాగే పలుకుతాయి కనుక వాటితో పేచీ లేదు. మొదటి గంట మొత్తాన్ని తెలిసినట్టు కనిపించి మోసం చేసే ఆరు అక్షరాలకు కేటాయించండి: В అంటే వ, Н అంటే న, Р అంటే ర, С అంటే స, У అంటే ఉ. ఆరోది Х, ఉర్దూ మాట్లాడేవారు ‘ఖాన్’ అన్నప్పుడు గొంతులో రాపిడితో వచ్చే ఖ అది. ఇవి తలకెక్కాక РЕСТОРАН అనే బోర్డును చూడండి. ఇంగ్లిషు కళ్లకు అది ‘పెక్టోపా’ లాగా ఏదో కనిపిస్తుంది. ఒక్కొక్క అక్షరాన్నీ విప్పితే ర-యె-స-త-ఒ-ర-ఆ-న, అంటే రెస్టారెంటు. ఊనిక చివరి ఆ మీద పడుతుంది. ఊనిక లేని О అకారంలా వినిపిస్తుంది కాబట్టి అక్కడివారు దాన్ని దాదాపు ‘రిస్తరాన్’ అంటారు. ఊనిక ఎక్కడ పడుతుందో బోర్డు మీద గుర్తు ఉండదు, అది వినే తెలుసుకోవాలి.

పై మాటలో Т ను త అని రాశాను, గమనించారా? ఇంగ్లిషు t కి మనం ట రాస్తాం. రష్యన్ Т, Д మాత్రం పళ్లకు నాలుక తగిలే త, ద లే. ఇంగ్లిషు అలవాటుతో ట, డ అంటే వినేవారికి యాస కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

తెలుగువారికి అసలు లాభం చకారాల దగ్గర ఉంది. మనం ‘చాప’లో చ ను పళ్ల దగ్గర, ‘చెట్టు’లో చ ను అంగిలి దగ్గర పలుకుతాం, రెంటికీ ఒకే అక్షరం రాస్తాం. రష్యన్‌లో వీటికి రెండు అక్షరాలున్నాయి: చాపలో చ Ц, చెట్టులో చ Ч. చిక్కు ఎక్కడంటే, మనకు ఏ చ పలకాలో పక్కనున్న అచ్చు నిర్ణయిస్తుంది. అక్కడ అలా కాదు. ЦЕНТР (సెంటర్) అన్న మాటలో Ц తరువాత ఎకారం ఉంది. మన నోరు అలవాటు కొద్దీ చెట్టులో చ వైపు జారిపోతుంది. దాన్ని ఆపి, చాపలో చ కే ఎ కలపండి. పాత అచ్చులో ఈ దంత్య చకారానికి వాడిన ౘ అక్షరంతో ‘ౘెంత్ర్’ అని నోట్సులో రాసుకుంటే ఆ తప్పు రాదు. ЧАЙ కి మాత్రం ఇంత కష్టం లేదు, అది అచ్చంగా హైదరాబాదు చాయే.

Ш మన ‘భాష’లోని ష, నాలుక వెనక్కి మడవాలి. Щ కాస్త సాగదీసిన శ. ష, శ లను తేడా లేకుండా పలికే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం జాగ్రత్త. Ж కీ, Ы కీ మనకు సరైన జత లేదు. వాటిని విని నేర్చుకోవలసిందే. గుణింతాలు లేవు, అచ్చు హల్లు పక్కనే విడిగా నిలబడుతుంది. Я, Ю, Ё లు య, యు, యో. Е కూడా మాట మొదట్లో యె, మనం ‘ఎక్కడ’ను ‘యెక్కడ’ అన్నట్టే. కిర్గిజ్ బోర్డులపై అదనంగా Ң, Ө, Ү ఉంటాయి. మొదటిది మన ఙ.

సాయంత్రం ఫోన్‌లో మ్యాప్ తెరిచి బిష్కెక్ వీధుల పేర్లు పైకి చదవండి. వాలు అక్షరాల్లోనూ చేతిరాతలోనూ т ఇంగ్లిషు m లాగా, и ఇంగ్లిషు u లాగా మారిపోతాయి. చదవడం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

చివరగా టైపింగు. ఇంగ్లిషు కీబోర్డులో కొట్టిన a (U+0061), రష్యన్ а (U+0430) చూడటానికి ఒకటే అయినా కంప్యూటరుకు వేరు. కాబట్టి కంటికి సరిగ్గానే ఉన్న పేరు వెతికినా దొరక్కపోతే, లేదా పాస్‌వర్డ్ తప్పంటే, మొదట కీబోర్డు ఏ భాషలో ఉందో చూడండి. విండోస్‌లో రష్యన్‌ను చేర్చుకునేటప్పుడు Russian - Mnemonic అనే అమరికను ఎంచుకుంటే, ఇంగ్లిషు మీటలతోనే ధ్వనిని బట్టి కొట్టవచ్చు. మీరు వెళ్లేచోట ఉండే కంప్యూటర్లలో ЙЦУКЕН అమరిక ఉంటుంది కాబట్టి ఫోన్‌లో మాత్రం దాన్నే పెట్టుకోండి.