ఒక్క ‘యూ’కి ఎన్ని మెట్లు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవికి,

ఇంగ్లీషు కథకు నువ్వు చేసి పంపిన తెలుగు అనువాదం రెండుసార్లు చదివాను. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ పల్లెలో ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ళ ఇంటావిడ, ఆమె మేడమీద గది అద్దెకు తీసుకున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఒక శీతకాలంలో వాళ్ళిద్దరి మధ్య పెరిగిన అభిమానం. మంచి కథే ఎంచుకున్నావు. వాక్యాలు కూడా చాలాచోట్ల సాఫీగా సాగాయి. అయితే మొదటి పేజీలో ఆవిడ అతణ్ణి ‘మీరు’ అంటుంది, ఒకటి రెండు చోట్ల తప్ప చివరిదాకా ‘మీరు’ అనే అంటుంది, అతనూ అంతే. వాళ్ళు ఎంత దగ్గరయ్యారో కథకుడు చెబుతూనే ఉన్నాడు గాని, వాళ్ళ నోటి మాట మాత్రం గడప దగ్గరే నిలబడిపోయింది. ‘యూ’ని ఏం చేయాలో తేలనప్పుడు ‘మీరు’ అనేస్తే ఎవరికీ కోపం రాదని నువ్వు అనుకుని ఉంటావు. ఆఫీసు ఉత్తరంలో అది నిజమే కావచ్చు, కథలో కాదు.

సర్వనామాల వరకే చూస్తే మనకున్న మెట్లు ఎక్కువేమీ కావు. నువ్వు, మీరు, వాటికి పైన ఇప్పుడు వెటకారానికే ఎక్కువగా పనికొస్తున్న తమరు. హిందీవాళ్ళకు తూ, తుమ్, ఆప్ అని మూడున్నాయి, మధ్యమెట్టు మనకు లేదే అని నువ్వు క్రితం ఉత్తరంలో వాపోయావు. మనకు మధ్యమెట్లు లేకపోలేదు, అవి సర్వనామంలో కాక క్రియ చివరా పిలుపులోనూ ఉన్నాయి. ‘కూర్చో’ అన్న ఒక్క మాటనే తీసుకుని పైకి చదువుతూ రా: కూర్చోరా, కూర్చోవోయ్, కూర్చోవయ్యా, కూర్చో నాయనా, కూర్చోండి. ఆఖరిది తప్ప తక్కినవన్నీ ‘నువ్వు’ కిందికే వస్తాయి. అయినా కూర్చోవోయ్ అనే మామగారు, కూర్చోవయ్యా అనే ఊరి పెద్ద, కూర్చో నాయనా అనే ముసలామె ముగ్గురూ వేరువేరు మనుషులని, వాళ్ళ ముఖాలు చూడకుండానే మనకు తెలిసిపోతుంది. కాబట్టి నువ్వా మీరా అని తేల్చుకోవడంతో పని సగమే అయినట్టు. ఆ వాక్యానికి తోక ఏది తగిలించాలన్నది మిగతా సగం.

ఇంగ్లీషులో ‘యూ’ మెట్టు చెప్పదు గాని, ఆ మెట్టు ఇంకెక్కడో తప్పకుండా ఉంటుంది. ఎక్కువగా పిలుపులో ఉంటుంది. నీ కథలో ఆవిడ మొదటి పది పేజీలూ అతణ్ణి మిస్టర్ చేర్చి ఇంటిపేరుతో పిలుస్తుంది. పైపు పగిలి వంటింట్లోకి నీళ్ళు వచ్చిన రాత్రి, ఇద్దరూ కలిసి బకెట్లతో ఎత్తిపోశాక, మొదటిసారి అతని సొంత పేరు పెట్టి పిలుస్తుంది. అతను మాత్రం చివరిదాకా ఆవిణ్ణి మిసెస్ అనే అంటాడు. అనువాదం మొదలుపెట్టే ముందే ఒక కాగితం తీసుకుని, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో రెండు వైపులా విడివిడిగా రాసుకుని, పిలుపు మారిన పేజీ అంకె పక్కన వేసుకుంటే, నీ నువ్వు-మీరుల పటం నీ చేతికి వచ్చినట్టే. రెండు వైపులా విడివిడిగా అని ఎందుకన్నానంటే, మనకు ఈ లెక్క రెండు పక్కలా సమంగా ఉండనక్కరలేదు. ఆవిడ అతణ్ణి నువ్వు అంటుంది, అతను ఆవిణ్ణి మీరు అంటాడు. మన ఇళ్ళలో వయసు తేడా ఉన్న ఇద్దరు అలా మాట్లాడుకుంటే అందులో అవమానమేమీ లేదు. ఇంగ్లీషులో ఇద్దరిదీ ఒకే మాట అయింది కదా అని తెలుగులోనూ తూకం సరిపెట్టాలని చూడకు.

ఇప్పుడు ఆసుపత్రి ఘట్టానికి వస్తాను. నువ్వు అన్నిటికంటే ఎక్కువగా జారింది అక్కడే. మంచం మీద ఉన్న ఆవిడ, రాత్రంతా పక్కన కూర్చున్న కుర్రాణ్ణి చూసి, ఏమైనా తిన్నావా అని అడుగుతుంది. కథ మొత్తంలో ఆ ఒక్కచోట రచయిత ‘యూ’ మాని ‘థా’ అని వాడాడు. అది ‘దౌ’ అనే పాత మాటకు యార్క్‌షైర్ యాస. నిఘంటువులో చూస్తే ప్రాచీనం అని కనిపించి ఉంటుంది, ప్రాచీనమంటే గంభీరమనీ గంభీరమంటే గౌరవమనీ లెక్కవేసి నువ్వు ‘తమరు భుజించారా’ అని రాశావు. అసలు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. పాత ఇంగ్లీషు సమాజంలో దౌ అనేది మన నువ్వు. దగ్గరివాళ్ళకూ చిన్నవాళ్ళకూ వాడేది. బహువచనమైన యూ మర్యాదకు వచ్చి, మెల్లగా అందరికీ వ్యాపించి, పదిహేడో శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లోంచి దౌను తరిమేసింది. మన మీరు కూడా బహువచనమే మర్యాదకు వచ్చినది గనుక ఇది మనకు కొత్త కథేమీ కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో దేవుణ్ణి దౌ అనడం చూసి అది భక్తి వాచకమని చాలామంది పొరబడతారు. అక్కడ అది ఏకవచనం మాత్రమే, అదే పుస్తకంలో పనివాణ్ణీ దౌ అనే అంటారు. ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో మాత్రం ఆ మాట ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఇంటి మనుషుల మధ్య బతికి ఉంది. అంటే ఆ ఒక్క అక్షరంతో ఆవిడ కుర్రాణ్ణి తన ఇంటివాణ్ణి చేసుకుంది. నువ్వేమో అతణ్ణి జమీందారు కచేరీలో నిలబెట్టావు.

అయితే ఇక్కడొక చిక్కుంది. పైపు పగిలిన రాత్రే ఆవిడ చేత ‘నువ్వు’ అనిపించేస్తే, ఆసుపత్రిలో దిగడానికి ఇంకో మెట్టు మిగలదే అని నువ్వు అడుగుతావు. పోనీ అప్పటిదాకా మీరు అనే సాగదీద్దామంటే, ఆ వయసు ఆడమనిషి బకెట్లు ఎత్తిన కుర్రాణ్ణి ఇంకా మీరు అంటోందంటే తెలుగు పాఠకుడు నమ్మడు. అందుకే పైన తోకల సంగతి అంత చెప్పాను. నేనైతే మూడు మెట్లు ఇలా వేస్తాను. మొదటి రోజు ఆవిడ ‘టీ తాగుతారా?’ అంటుంది. పైపు రాత్రి తర్వాత ‘టీ తాగుతావా?’ అంటుంది, దానికి తోక ఏదీ ఉండదు. ఆసుపత్రిలో మాత్రం ‘ఏరా, ఏమైనా తిన్నావా?’ అంటుంది. ఆ ‘ఏరా’ను అంతవరకు ఒక్కసారి కూడా వాడకుండా దాచుకోవాలి. మధ్యలో ఎక్కడో చనువు కోసం ఒక ‘రా’ పడేశావంటే ఆసుపత్రిలో ఖర్చుపెట్టడానికి నీ దగ్గర ఏమీ ఉండదు.

ఆసుపత్రిలో ఆవిడకు కుర్రాడు ఇచ్చే జవాబును నువ్వు ‘మీరు నాకు చెప్పి ఉండవలసింది’ అని రాశావు. తప్పు లేదు, కాని ఆ మాటలో ఇస్త్రీ మడత కనిపిస్తోంది. ‘నాకొక్క మాట చెప్పొద్దా?’ అని చూడు. ఇందులో నువ్వూ లేదు, మీరూ లేదు. నిష్ఠూరం మాత్రం నిండుగా ఉంది. మెట్టు తేల్చుకోలేనివాడికి మన భాష ఇచ్చిన గొప్ప వెసులుబాటు ఇదే. కావాలా, తెలుసా, అయిందా, పెట్టనా, చెప్పొద్దా లాంటి రూపాలు ఎదుటివాడి అంతస్తును బయటపెట్టవు. మొన్న మాంబళం స్టేషనులో లోకల్ రైలు కోసం నిలబడి ఉంటే, తెలుగు పత్రిక నా చేతిలో చూసి ఒక అబ్బాయి పలకరించాడు. ‘ఏ ఊరు?’ అన్నాను. ‘ఇక్కడ పని ఎక్కడ?’ అన్నాను. ‘దిగేది తాంబరంలోనా?’ అన్నాను. రైలు వచ్చేలోపు నాలుగైదు ప్రశ్నలు వేశాను గాని ఒక్కదానిలోనూ సర్వనామం రాలేదు. నిరుడే కాలేజీ పూర్తయిందని అతను చెప్పాక గాని ‘ఎప్పుడొచ్చావు బాబూ చెన్నైకి?’ అన్న మాట నా నోట రాలేదు. నీ కథలో మొదటి రోజు సంభాషణ సరిగ్గా ఇలాంటిదే. అక్కడ ఆవిడ చేత ‘టీ పెట్టనా?’ అనిపించినా చక్కగా అమరుతుంది. కాకపోతే పుస్తకమంతా ఇలా తప్పించుకు తిరిగితే, పాత్రలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

‘యువర్’ విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. పన్నెండో పేజీలో ఆవిడ చేత ‘నీ నాన్న ఏం చేస్తాడు’ అనిపించావు. నువ్వు అని పిలిచే మనిషితో కూడా మనం మీ నాన్న, మీ ఊరు, మీ ఇల్లు అనే అంటాం. ఆ ‘మీ’ మర్యాద కోసం వచ్చింది కాదు, ఆ ఇంటివాళ్ళందరినీ కలుపుకుని వచ్చింది. చొక్కా, పెన్ను, జ్వరం లాంటివాటికి మాత్రం ‘నీ’ అనే అంటాం. పెరంబూరులో పుట్టి పెరిగి బడిలో తమిళం చదువుకున్నా, మీ అమ్మతో మాట్లాడేటప్పుడు నువ్వు ఈ పొరపాటు చేయవని నాకు తెలుసు. ఇంగ్లీషు కాగితం ఎదురుగా ఉన్నప్పుడే ఇలాంటివి పుడతాయి.

ఇక తప్పులు పట్టుకునే పద్ధతి. ‘నువ్వు’ అన్న మాటను కంప్యూటరులో వెతికితే చాలదు, ఎందుకంటే మన వాక్యంలో సర్వనామం సగం సార్లు కనిపించకుండా క్రియ చివర దాగి ఉంటుంది. నీ ప్రతిలోనే ‘మీ సంచి ఇక్కడ పెట్టు’ అని ఒకచోట ఉంది. ముందు మర్యాద, వెనక చనువు. నేను మొదట్లో ఒక నవలను వారం వారం ఒక పత్రికకు అనువదిస్తూ, మధ్యలో జబ్బుపడి రెండు నెలలు ఆపాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, అంతదాకా నువ్వు నువ్వు అనుకున్న ఇద్దరు స్నేహితులు నా ధ్యాసలో లేక మీరు మీరు అనుకోసాగారు. వాళ్ళిద్దరికీ ఎందుకు చెడిందో ఏ వారంలో చెప్పారు, నాకు ఆ సంచిక అందలేదు అని ఒక పాఠకురాలు కార్డు రాసింది. ఆమె తప్పేమీ లేదు. నువ్వు నుంచి మీరుకు ఎక్కడం మన దగ్గర అలకకో పగకో గుర్తు. మీరు నుంచి హఠాత్తుగా నువ్వుకు దిగడం వీధిలో అయితే ‘మర్యాద ఇచ్చి పుచ్చుకో’ అనిపించుకునే దాకా వెళుతుంది. అప్పటినుంచి నేను ప్రతి పాత్ర మాటలనూ విడిగా ఒక కాగితం మీదికి ఎత్తి, కథనం లేకుండా వరసగా పైకి చదువుతున్నాను. ఎక్కడ మెట్టు తప్పినా చెవికి వెంటనే తగులుతుంది.

మిగిలింది ఆఖరి పేజీ. ఆవిడ పోయాక ఖాళీ వంటింట్లో నిలబడి కుర్రాడు ‘దీపం ఆర్పకుండానే వెళ్ళిపోయారు’ అని ఆవిడతో అంటాడు. పోయినవాళ్ళను మనం ఏడుపులో నువ్వు అనే అంటాం కదా అని అక్కడ ‘వెళ్ళిపోయావు’ అని దిద్దాను. మర్నాడు చదివితే అది అతని గొంతులా లేదు, కొట్టేశాను. సాయంత్రం మళ్ళీ దిద్ది, మళ్ళీ కొట్టేశాను. ప్రతిలో ఆ గీతలన్నీ నీకు కనిపిస్తాయి. నువ్వు రాసిన ‘వెళ్ళిపోయారు’నే ఉంచు.

ఆశీస్సులతో,
మీ నాన్న స్నేహితుడు