మళ్ళీ చదవడమా, మూసి రాయడమా?

"వైజాగ్‌లో ప్లస్ టూ చదువుతున్నాను. జ్ఞాపకశక్తి మీద క్లాసులోనే చేయగల సైకాలజీ ప్రాజెక్టు ఏదైనా చెప్పండి."

పాఠాన్ని మళ్ళీ చదివితే ఎక్కువ గుర్తుంటుందా, పుస్తకం మూసి గుర్తున్నది రాస్తేనా అన్నది తీసుకోండి. 30 మందిని, వాళ్ళ సమ్మతితో, చీటీలు వేసి రెండు జట్లు చేయండి. పేర్ల బదులు నంబర్లు ఇవ్వండి. 250 మాటల వ్యాసాన్ని అందరూ 5 నిమిషాలు చదువుతారు. తర్వాతి 5 నిమిషాలు ఒక జట్టు మళ్ళీ చదువుతుంది, రెండోది చూడకుండా రాస్తుంది. సరిగ్గా వారానికి రెండు జట్లచేతా గుర్తున్నది రాయించి, వ్యాసంలోని 20 విషయాల్లో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. దిద్దేవారికి ఏ కాగితం ఏ జట్టుదో తెలియకూడదు.

చాలామంది తుది పరీక్ష అదే రోజు పెట్టేసి పొరబడతారు. సైకాలజిస్టులు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం గడిచాక గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వాళ్ళను దాటారు.

వ్యాసం మాత్రం కురుసుర జలాంతర్గామి మీద వద్దు. బీచ్ రోడ్డులో దాన్ని చూసినవాళ్ళకు ముందే తెలిసిన సంగతులు లెక్కలో కలిసిపోతాయి. ఎవరికీ తెలియని విషయం ఎంచుకోండి. సగటుల తేడా ఒక్క మార్కే అయితే, 15 మందేసి ఉన్న జట్లలో అది యాదృచ్ఛికం కావచ్చని నివేదికలో రాయండి.